జాతకం చూసేవారు ఎక్కడ ఆగాలి?

సిజేరియన్‌కు ముహూర్తం పెట్టించుకోవడం మన దగ్గర మామూలైపోయింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి అరవై కాన్పులు ఆపరేషన్‌తోనే జరిగాయి. ఆ తేదీ కోసం పంచాంగం తెరిచే మనిషి చేతిలో ఒక పసిప్రాణం కూడా ఉంటుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. నెలలు నిండే తేదీ జులై 20. ఆపరేషన్ తప్పదు, 13 దాటాక చేస్తామన్నారు డాక్టరు. అత్తగారు వచ్చి, "పంతులుగారూ, 3వ తేదీ నక్షత్రం బాగుందట, ఆ రోజుకే పెట్టండి" అంటుంది. 3వ తేదీకి గర్భానికి 37 వారాల 4 రోజులే. నొప్పులు రాకుండా 39 వారాల లోపే బయటికి తీసిన బిడ్డకు ఊపిరితిత్తుల్లో నీరు ఆరకపోవచ్చు. అలాంటి బిడ్డ ఎగశ్వాస తీస్తుంది, డొక్కలు లోపలికి పోతాయి, తల్లి పక్కన ఉండాల్సింది ఐసీయూలో ఉంటుంది. కాబట్టి పంతులుగారు చెప్పాల్సింది ఇది: "డాక్టరుగారు ఏయే రోజులు కుదురుతాయన్నారో రాయించుకుని రండమ్మా, వాటిలోనే మంచి ఘడియ చూస్తాను. ఈలోపు నొప్పులొచ్చినా, బీపీ పెరిగినా ముహూర్తం మాట మరిచిపోండి." ఈ రెండో మాట ముందే చెప్పాలి. లేకపోతే అర్ధరాత్రి ఆస్పత్రి వరండాలో "తెల్లారేదాకా ఆగండి" అనేవాళ్లు బయల్దేరతారు.

కొన్నిసార్లు అసలు సంగతి మాటల మధ్యలో బయటపడుతుంది. ఏడో నెల అమ్మాయి కాన్పు గురించి అడుగుతూనే, తలనొప్పి తగ్గడం లేదని, కళ్లు మసకలు కమ్ముతున్నాయని, ముఖం వాచిందని చెబుతుంది. అవి బీపీ ప్రమాదకరంగా పెరిగిన గుర్తులు కావచ్చు, ఫిట్స్ దాకా పోవచ్చు. అక్కడితో జాతకం మూసేసి, అప్పటికప్పుడే ఆస్పత్రికి పంపాలి. వాహనం లేకపోతే 108కి ఫోన్ చేయించాలి.

ఆడపిల్లా, మగపిల్లాడా అన్న ప్రశ్నకు జవాబే ఇవ్వకూడదు. కడుపులో బిడ్డ ఎవరో చెబుతామని ప్రకటించుకోవడం, అది శాస్త్రీయమైన పద్ధతైనా కాకపోయినా, 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద నేరం. మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. ప్రకటన లేకుండా చెవిలో చెప్పినా, ఆ మాట నమ్మి గర్భం తీయించుకునే ఇళ్లు ఉండవచ్చు.

చావు గురించి అడిగేవాళ్ల మనసులో తరచుగా వేరే ప్రశ్న ఉంటుంది. "నాన్నగారికి మారక దశ ఉందా?" అని అడిగే కొడుకుకు, అమెరికాలో ఉన్న తమ్ముణ్ని ఇప్పుడే రమ్మనాలా అన్నది తేల్చుకోవాలని ఉంటుంది. ద్వితీయ, సప్తమాధిపతుల దశలు లెక్కగట్టి నెల చెబితే, వెంటిలేటర్ తీయించి ఇంటికి తెచ్చేసుకునే ప్రమాదం ఉంది. "వారం రోజుల్లో ఏమవ్వచ్చో వైద్యం చేస్తున్న డాక్టరునే సూటిగా అడుగు నాయనా. తమ్ముడికి మాత్రం ఈ రాత్రే ఫోన్ చెయ్యి" అంటే ఆ కొడుక్కి కావలసిన జవాబు దొరుకుతుంది.