రెండూ పనిచేస్తాయి, మార్కు ఒక్కదానికే

అమెజాన్ వెబ్ సర్వీసెస్ వారి సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ పరీక్షలో 65 ప్రశ్నలకు 130 నిమిషాలు ఇస్తారు. ప్రశ్నకు రెండు నిమిషాలన్నమాట. చాలా ప్రశ్నలు ఒక కంపెనీ పరిస్థితిని వివరించి, దానికి తగిన ఏర్పాటు ఏదో ఎంచుకోమంటాయి. ఇచ్చిన జవాబుల్లో ఒకటికి మించి నిజంగానే పనిచేస్తాయి. అభ్యర్థులు తడబడేది అక్కడే.

ఒక నమూనా ప్రశ్న చూద్దాం. ఒక కంపెనీ సర్వర్లు ప్రైవేట్ సబ్‌నెట్‌లో ఉన్నాయి. అవి రోజూ అదే రీజియన్‌లోని ఎస్3 స్టోరేజీకి ఫైళ్లు పంపాలి. సర్వర్లకు ఇంటర్నెట్ దారి ఉండకూడదు. ఖర్చు అన్నిటికన్నా తక్కువ కావాలి. జవాబులు నాలుగు: సర్వర్లకు పబ్లిక్ ఐపీ ఇవ్వడం, నాట్ గేట్‌వే పెట్టడం, ఇంటర్‌ఫేస్ ఎండ్‌పాయింట్, గేట్‌వే ఎండ్‌పాయింట్.

ముందుగా తప్పనిసరి షరతును పట్టుకోవాలి. ఇంటర్నెట్ దారి వద్దన్నారు కాబట్టి పబ్లిక్ ఐపీ పోయింది. నాట్ గేట్‌వే బయటివాళ్లను లోపలికి రానివ్వదు కానీ, సర్వర్లు ఇంటర్నెట్‌లోకి వెళ్లే దారి మాత్రం తెరుస్తుంది. అందుకే అదీ పోయింది. చాలామంది దాన్ని ఎంచుకునేది ప్రైవేట్ సబ్‌నెట్ అనగానే నాట్ గుర్తుకు రావడం వల్లే.

మిగిలిన రెండూ ఎస్3కి ప్రైవేట్ దారులే. వాటి మధ్య తీర్పు చెప్పేది ప్రశ్న చివర ఉన్న ఖర్చు మాట. ఇంటర్‌ఫేస్ ఎండ్‌పాయింట్‌కు గంటకింత, జీబీకింత అని రుసుము పడుతుంది. అమెరికాలోని ఉత్తర వర్జీనియా రీజియన్ ధరల ప్రకారం జోన్‌కు గంటకు ఒక సెంటు, జీబీకి ఒక సెంటు. రెండు జోన్లలో పెట్టి నెలకు 1000 జీబీ పంపితే బిల్లు 25 డాలర్ల దాకా వస్తుంది. గేట్‌వే ఎండ్‌పాయింట్‌కు అదనపు రుసుమే లేదు. రూట్ టేబుల్‌లో ఒక దారి చేరిస్తే చాలు. కాబట్టి జవాబు అదే.

ఇప్పుడు ప్రశ్నలో ఒక్క వాక్యం చేర్చి చూడండి: కంపెనీ సొంత డేటా సెంటర్‌లోని యంత్రాలు కూడా డైరెక్ట్ కనెక్ట్ లైను ద్వారా, ప్రైవేట్ ఐపీ మీదుగానే ఎస్3ని చేరాలి. దాంతో జవాబు తిరగబడుతుంది. గేట్‌వే ఎండ్‌పాయింట్ పనిచేసేది రూట్ టేబుల్ ఆధారంగా, ఆ వీపీసీ లోపలి సర్వర్లకే. ఇంటర్‌ఫేస్ ఎండ్‌పాయింట్‌కు సబ్‌నెట్‌లో సొంత ప్రైవేట్ ఐపీ ఉంటుంది కనుక బయటి యంత్రాలు లైను మీదుగా దాన్ని చేరగలవు. ఉచితమైనది అవసరం తీర్చలేనప్పుడు దాని ధర లెక్కలోకి రాదు.

రెండింటినీ కలిపి వాడే జవాబు ఇచ్చారంటే దాన్ని ఇంకా జాగ్రత్తగా చదవాలి. లోపలి సర్వర్లు గేట్‌వే మీదుగా, డేటా సెంటర్ యంత్రాలు ఇంటర్‌ఫేస్ మీదుగా వెళ్లే ఏర్పాటును అమెజాన్ అనుమతిస్తుంది. అప్పుడు జీబీకింత అనే రుసుము డేటా సెంటర్ నుంచి వచ్చే వాటాకే పడుతుంది.