అందరి అమ్మా ఒక్కరేనని రుజువైతే?

ప్రతి మనిషికీ ఒక తల్లి ఉంది. కాబట్టి అందరికీ తల్లి అయిన మనిషి ఒకరు ఉన్నారు. రెండో మాట తప్పని చిన్నపిల్లలకూ తెలుసు. కానీ మొదటి మాట నుంచి దానిదాకా అయిదు మెట్లలో ఒక రుజువు రాయొచ్చు. M(y,x) అంటే ‘xకి తల్లి y’ అనుకుందాం.

```
1. ∀x ∃y M(y,x)
2. ∃y M(y,a)
3. M(b,a)
4. ∀x M(b,x)
5. ∃y ∀x M(y,x)
```

రెండో మెట్టులో ఎవరో ఒక మనిషిని తీసుకుని a అన్నాం. ఆ మనిషి గురించి మనకు ప్రత్యేకంగా ఏమీ తెలియదు. మూడోదానిలో a తల్లికి b అని పేరు పెట్టాం. అదీ సబబే. ‘ఒకరు ఉన్నారు’ అన్నాక ఆ ఒకరికి పేరు పెట్టుకోవచ్చు, అయితే అది అప్పటిదాకా వాడని కొత్త పేరై ఉండాలి. ఈ షరతు మరిచిపోతే ఎంత చిక్కో చూడండి. సరిసంఖ్య ఒకటుంది, దాన్ని c అన్నాం. బేసిసంఖ్య ఒకటుంది, దాన్నీ c అన్నాం. అంతే, c సరీ అయింది, బేసీ అయింది!

మన రుజువు నాలుగో మెట్టు దగ్గర జారిపడింది. a ఎవరైనా కావచ్చు కదా, అందుకే అందరికీ వర్తింపజేద్దాం అనుకున్నాం. కానీ b పుట్టిందే a వల్ల. a మారితే b కూడా మారాలి. b వాక్యంలో ఉండగా a ‘ఎవరైనా’ కాదు, ఫలానా b బిడ్డ. అందుకే ‘అందరికీ’ అనబోయే ముందు ఆ వాక్యంలోని ప్రతి పేరునూ అడగాలి: నువ్వు ఎవరిని చూసి పుట్టావు?

గెర్హార్డ్ గెంట్జెన్ 1930లలో రూపొందించిన పద్ధతిలో ఈ కాపలా సహజంగా ఇమిడిపోయింది. అక్కడ మూడో మెట్టు తాత్కాలికంగా అనుకున్న మాట మాత్రమే. ఇంకా వెనక్కి తీసుకోని అలాంటి మాటలో a పేరు కనిపిస్తే, a మీద ‘అందరికీ’ అనడం కుదరదు. నాకు ఈ పద్ధతే ఇష్టం, ఎందుకంటే ఏ పేరు దేన్ని ఆనుకుందో విడిగా లెక్క రాసుకోనక్కర్లేదు.

ఈ జారుడు తరగతి గదికే పరిమితం కాదు. నిరంతర ప్రమేయాల శ్రేణి అభిసరిస్తే దాని మొత్తం కూడా నిరంతరమేనని 1821లో కోషీ రాశాడు. 1826లో ఆబెల్ దానికి ఎదురు ఉదాహరణ ఇచ్చాడు: sin x − (sin 2x)/2 + (sin 3x)/3 − … ఇందులో ప్రతి పదం నున్నని అలే. మొత్తం మాత్రం π దగ్గర తెగిపోతుంది. కోషీ మాటను ఇవాళ్టి అర్థంలో చదివితే తప్పు ఎక్కడుందో కనబడుతుంది. ప్రతి xకీ, ఎన్ని పదాలు కూడితే చాలో చెప్పే ఒక N ఉంది, నిజమే. కానీ అది ఆ x కోసం పుట్టిన N. x πకి దగ్గరయ్యే కొద్దీ ఆ N పెరుగుతూ పోతుంది. అన్ని xలకూ సరిపోయే ఒకే N లేదు.