ఒక తీర్పు, నలుగురి భవితవ్యం

2005 ఆగస్టు 4న పార్లమెంటుపై దాడి కేసులో సుప్రీంకోర్టు తుది తీర్పు చెప్పింది. న్యాయవాదులు నేటికీ దాన్ని ‘నవజ్యోత్ సంధు కేసు’ అనే పిలుస్తారు. ఆ పేరు చూసి ఉరిశిక్ష పడింది ఆమెకేనని ఎవరైనా అనుకోవచ్చు. కానీ ఆ తీర్పుతో ఆమె నిర్దోషిగా బయటపడింది. ఉరి ఖరారైంది మహమ్మద్ అఫ్జల్‌కు.

ఒకే సంఘటన నుంచి పుట్టిన అప్పీళ్లన్నిటినీ కలిపి విని కోర్టు ఉమ్మడి తీర్పు ఇచ్చినప్పుడు ఇలాంటి పొరపాటుకు తావుంటుంది. వరుసలో మొదట ఉన్న అప్పీలు పేరే మొత్తం తీర్పుకు పేరవుతుంది. ఇక్కడ మొదటిది సంధు విడుదలను సవాలు చేస్తూ ఢిల్లీ ప్రభుత్వం వేసిన 2004 నాటి 373 నుంచి 375 వరకు క్రిమినల్ అప్పీళ్లు. మిగతావి వాటి వెనక చేరాయి.

అందుకే ఉమ్మడి తీర్పు చేతికొస్తే ముందు చూడాల్సింది శీర్షికలోని అప్పీలు నెంబర్లను. ఒక్కో నెంబరుకు ఒక్కో గడి గీసి, అందులో అప్పీలు వేసిందెవరు, కింది కోర్టు వారి విషయంలో ఏం చెప్పింది అన్నవి రాసుకోవాలి. ఆ తర్వాతే తీర్పు చివరి పేరాలకు వెళ్లాలి. అసలు ఆదేశం అక్కడ ఉంటుంది. మధ్యలో వందల పేరాల్లో వాదనలు, సాక్ష్యాల చర్చ ఉంటాయి. వాటిలో ఒక వాదన నెగ్గినంత మాత్రాన అప్పీలు నెగ్గినట్టు కాదు.

ఈ కేసులో కింది కోర్టుల కథ ఇలా నడిచింది. 2002 డిసెంబరులో ప్రత్యేక కోర్టు అఫ్జల్, షౌకత్ హుస్సేన్ గురు, ఢిల్లీ కళాశాల అధ్యాపకుడు గిలానీ ముగ్గురికీ మరణశిక్ష వేసింది. షౌకత్ భార్య సంధుకు అయిదేళ్ల జైలు. 2003 అక్టోబరులో ఢిల్లీ హైకోర్టు గిలానీని, సంధును వదిలేసి, మిగతా ఇద్దరి ఉరిని ఖాయం చేసింది. దాంతో శిక్ష పడ్డ ఇద్దరూ సుప్రీంకోర్టుకు వెళ్లారు. బయటపడ్డ ఇద్దరి మీద ప్రభుత్వం వెళ్లింది.

ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ పి.వెంకటరామరెడ్డి, జస్టిస్ పి.పి.నవలేకర్‌ల ధర్మాసనం వీటన్నిటినీ తేల్చింది. అఫ్జల్ అప్పీలును కొట్టేసింది, ఉరి నిలిచింది. ప్రభుత్వ అప్పీళ్లనూ కొట్టేసింది, గిలానీ, సంధుల విడుదల నిలిచింది. రెండు చోట్లా రాసిన మాట ‘కొట్టివేత’ ఒక్కటే. ఒకరికి అది ప్రాణం తీసే మాట, ఇద్దరికి ప్రాణం నిలిపిన మాట. అప్పీలు ఎవరు వేశారో రాసుకోకుండా ఫలితం మాత్రమే రాసుకుంటే ఆ కాగితం ఎందుకూ పనికిరాదు.

తరచూ తప్పు దొర్లేది షౌకత్ గడి దగ్గర. అతని అప్పీలును కోర్టు పాక్షికంగా అనుమతించింది. ఉరిశిక్షతో పాటు మిగతా నేరారోపణలన్నీ రద్దయ్యాయి గానీ, యుద్ధ కుట్ర తెలిసీ దాచాడన్న నేరం కింద, శిక్షాస్మృతి 123వ సెక్షను ప్రకారం, పదేళ్ల కఠిన కారాగారం, 25 వేల రూపాయల జరిమానా పడ్డాయి. ‘అనుమతి’ అని రాసి ఊరుకుంటే మనిషి ఇంటికెళ్లాడనిపిస్తుంది. ఏది రద్దయింది, ఏది మిగిలింది అన్న రెండు ముక్కలూ ఉండాలి.

ఈ తీర్పులో లేనిది తిప్పి పంపడం. దానికి గుజరాత్ బెస్ట్ బేకరీ కేసును చూడాలి. 21 మందినీ నిర్దోషులన్న తీర్పును 2004 ఏప్రిల్ 12న సుప్రీంకోర్టు పక్కనపెట్టి, మహారాష్ట్రలో మళ్లీ విచారణ జరపమంది. అప్పీళ్లు నెగ్గాయి, కానీ ఆ రోజు ఎవరూ దోషి కాలేదు. ఇలాంటి గడిలో కేసు ఏ కోర్టుకు వెళ్లింది, మొత్తం విచారణకా లేక ఒక్క అంశానికా అన్నది తప్పక రాయాలి. అది రాయకపోతే ఇంకా నడుస్తున్న కేసు ముగిసిన జాబితాలో చేరిపోతుంది.

మరొక సంగతి. సంధు తీర్పులో ఎలక్ట్రానిక్ సాక్ష్యాల గురించి చెప్పిన సూత్రాన్ని 2014లో సుప్రీంకోర్టే అన్వర్ కేసులో తోసిపుచ్చింది. అయినా ఆ నలుగురి అప్పీళ్ల ఫలితం మారలేదు. సూత్రం రద్దవడం వేరు, తీర్పు రద్దవడం వేరు. రెంటినీ ఒకే గడిలో కలపకూడదు.

భూసేకరణ పరిహారం కేసుల్లో ఒకే ఊరి రైతుల అప్పీళ్లను కలిపి తేల్చడం మామూలే. పక్క రైతు అప్పీలు నెగ్గిందని విని సంతోషపడి ఆగిపోకండి. మీ అప్పీలు నెంబరు శీర్షికలో ఉందా, చివరి ఆదేశంలో దానికి ఫలితం రాశారా, మీ పేరున డిక్రీ వచ్చిందా చూసుకోండి. రాతలో పొరపాటు వల్ల నెంబరు జారిపోయి ఉంటే, సివిల్ ప్రొసీజర్ కోడ్ 152వ సెక్షను కింద సరిచేయమని అదే కోర్టును అడగవచ్చు.