ప్లేటు 320 రూపాయలే, కానీ ఎన్ని ప్లేట్లకు?

అరిటాకులో పూర్ణం బూరెలు, పులిహోర, గుత్తి వంకాయ కూర. ఫొటో కింద పెద్ద అక్షరాలతో ‘ప్లేటు 320 మాత్రమే’. ఫోన్‌లో ఇలాంటి ఫొటో కనబడగానే మన కళ్లు ఆ అంకె దగ్గరే ఆగిపోతాయి. అసలు లెక్క దాని కింద సన్నగా రాసిన ‘కనీసం 150 మంది’ అన్న మాటలో ఉంది.

అంటే 150 మందికి వండుతారని మాత్రమే కాదు, ఎంత తక్కువమంది వచ్చినా 150 ప్లేట్ల డబ్బు కట్టాలని. గృహప్రవేశానికి 110 మందే వచ్చారనుకుందాం. బిల్లు 48,000 అవుతుంది. అప్పుడు భోంచేసిన ఒక్కొక్కరికీ దాదాపు 436 పడినట్టు. పైన 5 శాతం జీఎస్టీ విడిగా వేస్తే మరో 2,400. ఇందులో క్యాటరర్ మోసమేమీ లేదు. వంట మేస్త్రీ కూలి, గిన్నెలు తెచ్చే వ్యాను అద్దె 80 మందికైనా 150 మందికైనా పెద్దగా మారవు. కాకపోతే ఆ సంగతి ఫొటో కిందే తెలుగులో స్పష్టంగా చెప్పాలి: ‘150 కంటే తక్కువ మంది వచ్చినా 150 ప్లేట్లకే బిల్లు. పన్ను అదనం.’

గొడవలు ఎక్కువగా వచ్చేది లెక్కపెట్టే దగ్గర. బఫేలో ప్లేట్లు లెక్కపెడతారు, బంతి భోజనంలో ఆకులు. ఒకే మనిషి రెండో ప్లేటు తీసుకుంటే అది రెండు కింద పడుతుంది. చిన్నపిల్లలు, బాజా వాళ్లు, ఫొటోగ్రాఫర్లు, డ్రైవర్లు ఏ లెక్కలోకి వస్తారో ముందే తేల్చుకోవాలి. వడ్డన మొదలయ్యే ముందు ప్లేట్ల కట్టలు మన మనిషి ఒకరు లెక్క చూసుకుని, చివర్లో మిగిలినవి తీసేస్తే పేచీ ఉండదు. మెనూ రేటులో వడ్డించేవాళ్లు, మంచినీళ్ల సీసాలు, రవాణా కలిశాయో లేదో కూడా అప్పుడే అడగాలి.

ఇక అడ్వాన్స్. మాఘంలో మంచి ముహూర్తం రోజున క్యాటరర్ మీకు తేదీ ఇచ్చాడంటే ఇంకొకరిని వదులుకున్నట్టే, అందుకే అడ్వాన్స్ తిరిగిరాదంటాడు. అది సమంజసమే. కానీ నెల ముందు రద్దు చేసుకోవడం, సరుకులు కొన్నాక ముందురోజు రద్దు చేసుకోవడం ఒకటి కాదు. ‘ఎప్పుడైనా అడ్వాన్స్ వాపసు లేదు’ అనే ఒక్క ముక్కకు బదులు, ఎన్ని రోజుల ముందు చెబితే ఎంత తిరిగిస్తారో, తేదీ మార్చుకుంటే అడ్వాన్స్ అందులో సర్దుతారో లేదో రాయించుకోవాలి. ఆఖరి సంఖ్య ఏ రోజులోగా చెప్పాలన్నది కూడా అందులోనే ఉండాలి. ఆ గడువు దాటాక బంధువులు పెరిగితే పెంచుకోవచ్చేమో గానీ, తగ్గించుకోవడం దాదాపు కుదరదు. కాబట్టి ఎంతమంది వస్తారో తేలనప్పుడు 150 కనీసంగా ఉన్న 320 ప్లేటు కంటే, 100 కనీసంగా ఉన్న 360 ప్లేటే 110 మందికి చవక: 39,600.