స్టిక్కరు వెనుక ఖాతా, తెర మీద పేరు

కిరాణా కొట్టు గల్లాపెట్టె దగ్గర, పండ్ల బండి మీద, టైలరు షాపు అద్దానికి ఇప్పుడు ఒక నలుపు తెలుపు గళ్ళ స్టిక్కరు ఉండనే ఉంటుంది. ఫోను దాని ముందు పెడతాం, ఒక పేరు వస్తుంది, మొత్తం కొడతాం, పిన్ నొక్కుతాం. మధ్యలో వచ్చిన ఆ పేరును ఆగి చదివేవారు తక్కువ. అది ఎక్కడి నుంచి వస్తుందో, ఎంతవరకు నమ్మవచ్చో ఈ వ్యాసంలో వివరిస్తాము.

ముందు స్టిక్కరు సంగతి. అందులో దుకాణదారు బ్యాంకు ఖాతా నంబరు సాధారణంగా ఉండదు. ఉండేది ఒక వరుస అక్షరాలు మాత్రమే. తరగతిలో పిల్లలకు దీన్ని చూపించడానికి మేము డబ్బు చెల్లించే యాప్‌తో కాకుండా, మామూలు క్యూఆర్ రీడర్‌తో స్టిక్కరును చదివిస్తాము. అప్పుడు తెర మీద ఇలాంటి వాక్యం కనిపిస్తుంది (ఇది నమూనా కోసం మేము రాసినది, నిజమైన చిరునామా కాదు):

```
upi://pay?pa=dukanam123@bank&pn=KIRANA%20STORE&mc=5411&cu=INR
```

ఇందులో `pa` తరువాత ఉన్నది దుకాణం యూపీఐ చిరునామా. `pn` తరువాత ఉన్నది పేరు. `mc` అన్నది వ్యాపారం రకాన్ని తెలిపే నాలుగంకెల సంఖ్య; 5411 అంటే కిరాణా సరుకుల దుకాణం. చివరిది రూపాయల్లో అని చెబుతుంది. ఉత్తరం కవరు మీద రాసిన చిరునామా వంటిదే ఇదంతా. కవరులో ఇల్లు ఉండదు, ఇంటికి చేరే దారి మాత్రమే ఉంటుంది.

ఈ చిరునామాకు, బ్యాంకు ఖాతాకు ముడి వేసేది స్టిక్కరు కాదు. ఆ ముడి బ్యాంకు కంప్యూటరులో ఉంటుంది. బజారులో జరిగేది చూడండి. చెల్లింపుల కంపెనీ తరఫున ఒక అబ్బాయి సంచినిండా స్టిక్కర్లతో వస్తాడు. చాలాసార్లు అవి ముందే అచ్చయి ఉంటాయి. ప్రతి దానిలో వేరే చిరునామా ఉంటుంది, కానీ అది ఇంకా ఎవరిదీ కాదు. అతను దుకాణదారు ఫోను నంబరు, పాన్ లేదా ఆధార్ వివరాలు, బ్యాంకు ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడు తీసుకుంటాడు. ఖాతా నిజంగా ఆయనదేనా అని తెలుసుకోవడానికి చాలా కంపెనీలు ఒక రూపాయి పంపి, బ్యాంకు తిరిగి చెప్పిన పేరును పోల్చుకుంటాయి. సరిపోతే ఆ అబ్బాయి తన యాప్‌తో ఒక స్టిక్కరును స్కాన్ చేస్తాడు. ఆ క్షణం నుంచి ఆ చిరునామా ఈ దుకాణానిది. అతను బల్ల మీద అంటించడం ఆఖరి పని మాత్రమే.

ముడి కాగితంలో లేదు కనుకనే, కాగితం మార్చకుండా ఖాతాను మార్చవచ్చు. 2024లో ఇది దేశమంతటికీ తెలిసివచ్చింది. పేటీఎం పేమెంట్స్ బ్యాంకు మీద రిజర్వు బ్యాంకు ఆంక్షలు పెట్టి మార్చి 15 గడువు ఇచ్చినప్పుడు, గోడ మీది స్టిక్కరు పనికిరాకుండా పోతుందా అని ఎందరో చిల్లర వ్యాపారులు కంగారు పడ్డారు. రిజర్వు బ్యాంకు ఇచ్చిన జవాబు సూటిగా ఉంది: మీ సొమ్ము వేరే బ్యాంకు ఖాతాకు చేరేలా ముడిపడి ఉంటే ఆ తేదీ తరువాత కూడా వాడుకోవచ్చు, ఆ బ్యాంకు ఖాతాకే ముడిపడి ఉంటే మార్చుకోవాలి. గోడ మీద పక్కపక్కన ఉన్న రెండు స్టిక్కర్లు చూడటానికి ఒకేలా ఉండవచ్చు. తేడా అంతా వెనుక ఉన్న ముడిలోనే.

ఇక పేరు. మీరు ఆ కిరాణా కొట్టులో గోధుమపిండి, నూనె తీసుకున్నారు, 340 రూపాయలైంది. స్కాన్ చేశారు. మీ యాప్ ముందు `dukanam123@bank` అన్న చిరునామాను విడదీసి తీసుకుంటుంది. @ గుర్తు తరువాత ఉన్న ముక్క ఆ చిరునామా ఏ బ్యాంకు నిర్వహణలో ఉందో చెబుతుంది. యాప్ తన బ్యాంకు ద్వారా, యూపీఐని నడిపే నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్‌కు ఒక ప్రశ్న పంపుతుంది: ఈ చిరునామా ఉందా, ఎవరి పేరు మీద ఉంది? కార్పొరేషన్ ఆ ప్రశ్నను దుకాణం వైపు బ్యాంకుకు చేరవేస్తుంది. ఆ బ్యాంకు తన పుస్తకంలో నమోదైన పేరును తిరిగి పంపుతుంది. అదే మీ తెర మీదికి వస్తుంది. ఇదంతా మామూలుగా క్షణాల్లో జరుగుతుంది. అప్పటికి ఒక్క రూపాయి కూడా కదలలేదు. మీరు 340 కొట్టి, పిన్ నొక్కిన తరువాతే సొమ్ము కదులుతుంది. దుకాణదారు ఖాతా నంబరు మీకు కనిపించదు, మీ ఖాతా నంబరు ఆయనకు కనిపించదు.

అంటే మీ ముందు మూడు పేర్లు ఉంటాయన్నమాట. స్టిక్కరు పైన అచ్చు వేసిన పేరు ఒకటి. గళ్ళ లోపల `pn` దగ్గర రాసి ఉన్న పేరు రెండోది. బ్యాంకు పంపిన పేరు మూడోది. మొదటిది సిరా, ఏ ప్రింటింగ్ ప్రెస్సులోనైనా వేయించుకోవచ్చు. రెండోది కూడా అంతే. తన చిరునామా పెట్టి, పక్కన మీ వీధి కొట్టు పేరు టైపు చేసి గళ్ళ బొమ్మ తయారు చేసుకోవడానికి ఎవరికీ అడ్డు లేదు. బ్యాంకు పంపిన మూడో పేరునే పరిగణనలోకి తీసుకోవాలి.

కొంతకాలం కొన్ని యాప్‌లు గళ్ళలోని పేరునో, మీ ఫోనులో మీరు దాచుకున్న పేరునో చూపేవి. ఇది ప్రమాదమని గుర్తించి, నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ 2025 ఏప్రిల్‌లో యాప్‌లకు ఒక ఆదేశం ఇచ్చింది. వ్యక్తుల మధ్య, చిన్న వ్యాపారులకు జరిగే చెల్లింపుల్లో బ్యాంకు నుంచి వచ్చిన అసలు పేరునే చూపాలని, గళ్ళలోంచి తీసిన పేరు చూపకూడదని దాని సారాంశం. అమలుకు జూన్ 30 గడువు పెట్టింది. మా ఉద్దేశంలో ఇది చాలా ముందే రావలసిన నిబంధన.

ఇక్కడ చాలామందికి వచ్చే అనుమానం ఒకటి ఉంది. బోర్డు మీద బిర్యానీ హోటలు అని ఉంటుంది, తెర మీద ఎవరో స్త్రీ పేరు వస్తుంది. ఇది మోసమేనా? అవసరం లేదు. వ్యాపార ఖాతాగా నమోదు చేసుకున్న దుకాణాలకు సాధారణంగా దుకాణం పేరే వస్తుంది. చిన్న వ్యాపారులలో ఎందరో తమ సొంత సేవింగ్స్ ఖాతాకో, భార్య ఖాతాకో, కొడుకు ఖాతాకో ముడి వేయించుకుంటారు. అప్పుడు బ్యాంకు ఆ మనిషి పేరే చెబుతుంది. కనుక బోర్డుతో పేరు కలవకపోతే వెంటనే అనుమానించనక్కరలేదు, అలాగని పిన్ కూడా నొక్కేయకూడదు. “భాయ్, ఫలానా పేరు వస్తోంది, మీదేనా?” అని అడగండి. నిజమైన దుకాణదారు “అవును, మా అమ్మీ పేరు” అని తడుముకోకుండా చెబుతాడు. రంజాన్ నెలలో రాత్రి బజారులో, వెనుక పదిమంది నిలబడి ఉన్నప్పుడు కూడా ఈ ప్రశ్నకు మూడు సెకన్లు పడుతుంది.

ఈ ప్రశ్న ఎందుకు అడగాలో ఖజురహోలో జరిగినది చెబుతుంది. 2025 జనవరిలో ఆ మధ్యప్రదేశ్ పట్టణంలో రాత్రివేళ కొందరు తిరిగి, పలు దుకాణాల బయట, ఒక పెట్రోలు బంకులో ఉన్న స్టిక్కర్ల స్థానంలో తమవి అంటించారు. తెల్లవారి కొనుగోలుదారులు చెల్లించిన సొమ్ము వారి ఖాతాకు వెళ్ళింది. తెర మీద వేరే పేరు వస్తోందని కొనేవారు చెప్పడంతో విషయం బయటపడింది. ఎవరూ ఏ కంప్యూటరులోకీ చొరబడలేదని గమనించండి. దుకాణం ఖాతా భద్రంగానే ఉంది, దాని ముడి భద్రంగానే ఉంది. దారి చూపే కాగితం ఒక్కటే మారింది. బ్యాంకు కూడా అబద్ధం చెప్పలేదు, మోసగాడి పేరును ఉన్నది ఉన్నట్టుగా చూపింది.

దుకాణదారుకు దీన్ని పసిగట్టే గుర్తులు రెండున్నాయి. సొమ్ము వచ్చినప్పుడు గట్టిగా చెప్పే సౌండ్ బాక్సు ఆ దుకాణం నమోదుకు వచ్చిన చెల్లింపులనే చదువుతుంది. కొనేవాడు “పంపాను” అని పచ్చ గుర్తు చూపిస్తుంటే పెట్టె పలకకపోతే, ముందు స్టిక్కరు అంచు గోరుతో గీకి చూడాలి. కింద మరొకటి ఉందేమో తెలుస్తుంది. నెట్‌వర్కు లేక పెట్టె పలకని రోజులూ ఉంటాయి, కాబట్టి ఫోనులో జమ సందేశం కూడా చూసుకోవాలి. రెండోది, పొద్దున షట్టరు ఎత్తగానే ఇంట్లో మరొకరి ఫోనుతో స్టిక్కరు స్కాన్ చేసి వచ్చే పేరు చూడడం. రూపాయి కూడా పంపనక్కరలేదు, పేరు చూసి వెనక్కి వచ్చేయవచ్చు. రాత్రిపూట స్టిక్కరును షట్టరు బయట వదలకుండా, పగలు అద్దానికి లోపలి వైపు అంటిస్తే పైన మరొకటి వేయడం కష్టమవుతుంది.

పేరు సరిపోయినంత మాత్రాన అన్నీ తేలిపోవు. అది ఖాతా ఎవరిదో చెబుతుంది, ఆ మనిషి నిజాయితీ గురించి ఏమీ చెప్పదు. మన పేర్లలో ఒకే పేరు గలవారు వీధికి నలుగురుంటారు. అందుకే విరాళాల బల్ల దగ్గర మేము ఇంకొంచెం గట్టిగా ఉండమంటాము. దుకాణంలో ఒక మనిషి పేరు రావడం మామూలు. సంస్థ పేరిట అడుగుతున్నప్పుడు సంస్థ పేరే రావాలి. బ్యాంకులో ఇంగ్లీషు అక్షరాల్లో, కుదించి రాసి ఉండవచ్చు, అది వేరే సంగతి. వ్యక్తి పేరు వస్తే, కోశాధికారి వచ్చి జవాబు చెప్పేదాకా పిన్ నొక్కకండి.

పిన్ నొక్కిన తరువాత యూపీఐ చెల్లింపును మీ అంతట మీరు రద్దు చేసుకునే వీలు లేదు. తప్పు ఖాతాకు వెళ్ళిందని తెలిస్తే ఆ చెల్లింపు వివరాల్లో ఉండే 12 అంకెల సంఖ్యను రాసుకోండి. మోసమైతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయండి, లేదా `cybercrime.gov.in` లో నమోదు చేయండి, మీ బ్యాంకుకూ చెప్పండి. సొమ్ము ఇంకా బయటికి తీయకుండా ఏదో ఒక ఖాతాలో ఉంటేనే దాన్ని నిలిపివేయగలరు. సాయంత్రం ఇంటికెళ్ళి చూద్దామనుకునేలోగా అది మరో రెండు ఖాతాలు దాటి ఉండవచ్చు.