కనిపించడం వేరు, తెరిచి చూడటం వేరు

లింక్డ్‌ఇన్‌ ప్రొఫైల్‌లోని అనలిటిక్స్ విభాగంలో రెండు అంకెలను కలిపి చదవాలి. సెర్చ్ అప్పియరెన్సెస్ అంటే గత వారంలో ఇతరుల వెతుకులాటలో ఆ ప్రొఫైల్ ఎన్నిసార్లు కనిపించిందన్న లెక్క. ప్రొఫైల్ వ్యూస్ అంటే 90 రోజుల్లో దాన్ని తెరిచి చూసినవారి లెక్క. రెండింటి గడువులు వేరు కాబట్టి ఒకదాన్ని మరోదానితో నేరుగా భాగించి శాతం కట్టడం తప్పు.

మొదటి అంకె తక్కువగా ఉంటే లోపం చాలావరకు మాటల్లోనే ఉంటుంది. విజయవాడలో ఉద్యోగం వెతుక్కునే ఒక అకౌంటెంట్‌నే తీసుకుందాం. పేరు కింది హెడ్‌లైన్‌లో ‘మంచి అవకాశం కోసం చూస్తున్నాను’ అని ఉంది. ఆ మాటలతో ఏ హెచ్‌ఆర్ అధికారీ వెతకరు. వారు టైప్ చేసేది అకౌంటెంట్, టాలీ, జీఎస్టీ వంటి పదాలు. అందుకే ‘అకౌంటెంట్, టాలీ, జీఎస్టీ రిటర్నులు’ అని ఇంగ్లిష్‌లో రాసి, అవే పదాలను స్కిల్స్‌లోనూ పాత ఉద్యోగాల వివరాల్లోనూ చేర్చాలి. లొకేషన్ ఇంకా పాత ఊరే చూపిస్తోందేమో కూడా సరిచూడాలి. చాలామంది మరిచిపోయేది ఇదే.

వెతికినవారి హోదాలూ అక్కడ కొంతవరకు కనిపిస్తాయి. అంకె పెరిగినా ఆ జాబితాలో నియామకాలు చేసేవారు లేకపోతే, ఎంచుకున్న పదాలు వేరే రంగానివని అర్థం.

వెతుకులాటలో బాగా కనిపిస్తున్నా వ్యూస్ కదలకపోతే ఫొటోనూ హెడ్‌లైన్ మొదటి నాలుగైదు మాటలనూ మార్చాలి, ఫలితాల్లో ముందు కంటబడేవి అవే. ఒకసారికి ఒకే మార్పు చేసి రెండు వారాలు ఆగితేనే ఏది పనిచేసిందో తెలుస్తుంది.