ఐదో మ్యాచ్‌లో కాలే ఫోన్

మొబైల్ ఈస్పోర్ట్స్ జట్టులో కెప్టెన్ పని బయటివాళ్లకు కనపడదు. ఆటలో ఎటు దిగాలి, ఎప్పుడు కదలాలి, ఎవరిమీద పడాలి అని అరిచేది అతనే. అందుకే ఆటగాళ్లు అతన్ని ఐజీఎల్ అంటారు. టోర్నీకి పది రోజుల ముందు అతను వాట్సాప్ గ్రూపులో పెట్టే మెసేజ్ మాత్రం ఆ అరుపులకంటే ఎక్కువ పనిచేస్తుంది. విజయవాడలో డిగ్రీ చదివే నలుగురు కుర్రాళ్ల జట్టు అనుకుందాం. ఆడేది బీజీఎంఐ, అంటే బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా. నెల మే. మెసేజ్ దాదాపు ఇలా ఉంటుంది:

"రేపట్నుంచి రాత్రి 7:30కి అందరూ లైన్లో ఉండాలి. 8కి రూమ్. వరసగా ఆరు మ్యాచ్‌లు, మధ్యలో ఎవడూ లేవకూడదు. టోర్నీ ఏ ఫోన్లో ఆడతారో ప్రాక్టీసూ దాంట్లోనే. సెన్సిటివిటీ, బటన్లు ఎక్కడివక్కడే, వేలు పెట్టొద్దు. ఫోన్ అప్‌డేట్ అడిగితే వద్దనండి. గేమ్ అప్‌డేట్ వస్తే ముందు నాకు చెప్పండి. ఛార్జింగ్ పెట్టి ఆడొద్దు. కవర్ తీసేయండి. వైరున్న ఇయర్‌ఫోన్సే. జీఎఫ్ఎక్స్ టూల్ ఎవడి ఫోన్లో ఉన్నా ఈ రాత్రే తీసేయాలి, మళ్లీ చెప్పను. ఐప్యాడ్ సంగతి మర్చిపో మావా. టోర్నీ ముందు రోజు సెలవు, ఎవరూ గేమ్ తెరవొద్దు."

చదివితే హాస్టల్ వార్డెన్ నోటీసులా ఉంటుంది. ఒక్కో వాక్యం వెనక ఎప్పుడో ఓడిపోయిన మ్యాచ్ ఉంటుందని ఆటగాళ్లకు తెలుసు.

ముందు ఆ ఆరు మ్యాచ్‌ల సంగతి. మామూలుగా ఈ ఆటలో వందమంది దిగుతారు. టోర్నీలో నలుగురేసి పదహారు జట్లు, మొత్తం అరవై నాలుగు మంది. అందరూ ఒక కస్టమ్ రూమ్‌లోకి వస్తారు. ఒక్కో మ్యాచ్ దాదాపు అరగంట. పెద్ద టోర్నీల్లో ఇటీవలి పద్ధతి ప్రకారం మొదటి స్థానానికి 10 పాయింట్లు, రెండో స్థానానికి 6, మూడో దానికి 5, ఆపైన తగ్గుతూ ఎనిమిదో స్థానానికి 1. చంపిన ప్రతి ఆటగాడికీ ఇంకో పాయింటు. ఒక్క మ్యాచ్ గెలిస్తే సరిపోదు, ఆ రోజు ఆడినవన్నీ కలిపి లెక్కేస్తారు. కాబట్టి నాలుగు గంటల తర్వాత కూడా చేతులు, కళ్లు, ఫోను పనిచేస్తూనే ఉండాలి. చాలా జట్లు మొదటి రెండింటి గురించే ఆలోచిస్తాయి. రోజుకు రెండు మ్యాచ్‌లాడి, బాగానే ఆడామనుకుని పడుకుంటాయి. రెండు మ్యాచ్‌ల్లో ఫోన్ పూర్తిగా వేడెక్కదు కాబట్టి దాని అసలు గుణం బయటపడదు.

రాత్రి 8 అని పెట్టడానికీ కారణం ఉంది. టోర్నీ మ్యాచ్‌లు ఆ సమయంలోనే. అపార్టుమెంటులో అందరూ సినిమాలు చూసేదీ, వైఫై కిక్కిరిసేదీ అప్పుడే. మధ్యాహ్నం రెండింటికి ప్రాక్టీసు చేసి పింగ్ బాగుందనుకుంటే రాత్రి దెబ్బ తింటారు. ఆట వాడుకునే డేటా చాలా తక్కువే. పక్క గదిలో ఎవరో పెద్ద ఫైలు దించుకుంటుంటే, మన ఫోన్ పంపే చిన్న సమాచారం ఆ వరసలో నిలబడిపోతుంది. తుపాకీ పేల్చినట్టు మనకు కనపడుతుంది, సర్వరుకు మాత్రం ఆలస్యంగా తెలుస్తుంది.

ఇంకో చిక్కు వయసుది. 2021లో బీజీఎంఐ మొదలైనప్పుడే 18 ఏళ్లలోపు వారికి రోజుకు 3 గంటల పరిమితి పెట్టారు. ఆరు మ్యాచ్‌ల ప్రాక్టీసు అందులో పట్టదు. ఇంటర్ కుర్రాడు ఎంత బాగా ఆడినా ఈ జట్టులోకి తీసుకోకపోవడానికి అదొక కారణం.

ఇక ఫోన్ గొడవ. కెప్టెన్ దగ్గర ఒక నోటు పుస్తకం ఉంది. ప్రతి మ్యాచ్ తర్వాత ఎవరెన్ని కిల్స్ చేశారో, బ్యాటరీ ఎంత వేడిగా ఉందో రాసుకుంటాడు. ముందు దూకే ఆటగాడి లెక్క మొదటి రోజు ఇలా ఉంది: మూడు, రెండు, మూడు, ఒకటి, సున్నా, సున్నా. జట్టు స్థానాలు వరసగా మూడు, ఆరు, రెండు, తొమ్మిది, పన్నెండు, పదకొండు. అంటే స్థానాల పాయింట్లన్నీ మొదటి మూడు మ్యాచ్‌ల్లోనే వచ్చాయి. "నిద్రొచ్చిందిరా నీకు" అన్నాడు కెప్టెన్. "లేదన్నా, గన్ను మాట వినట్లేదు" అన్నాడతను. సాకులాగే ఉంది. స్క్రీన్ రికార్డింగ్ పెట్టుకుని చూస్తే సాకు కాదని తెలిసింది. ఐదో మ్యాచ్‌లో తలుపు దగ్గర ఎదురుపడ్డప్పుడు బొమ్మ కుదుపుగా కదిలింది. స్క్రీన్ వెలుగు తనంతట తనే తగ్గింది. మొదటి మ్యాచ్ అయ్యేసరికి బ్యాటరీ 36 డిగ్రీలు, మూడోది అయ్యేసరికి 41, ఐదోది అయ్యేసరికి 43. సెకనుకు 90 ఫ్రేములతో మొదలైన ఆట 50 కిందికి పడిపోయింది.

ఫోన్లో ఫ్యాను ఉండదు. లోపలి ప్రాసెసర్‌లో పుట్టిన వేడి వెనక పలక నుంచీ, అంచుల నుంచీ బయటికి పోవాల్సిందే. గదిలోనే ముప్పై రెండు డిగ్రీలుంటే ఆ వేడి నెమ్మదిగా పోతుంది. ఒక హద్దు దాటాక ఫోన్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. వెలుగు తగ్గించేదీ అందుకే. చెడిపోయిన ఫోన్ కాదది, చేయాల్సిన పనే చేస్తోంది.

ఆటగాడికి ఇది ఎందుకంత దెబ్బ అంటే, 90 ఫ్రేములప్పుడు బొమ్మ దాదాపు 11 మిల్లీసెకన్లకోసారి మారుతుంది. 50కి పడితే 20 మిల్లీసెకన్లకోసారి. ఆలస్యంకంటే మార్పే పెద్ద సమస్య. ఈ ఆటలో చాలామంది ఫోన్‌ని కొద్దికొద్దిగా వంచుతూ తుపాకీ ఎగిరిపోకుండా పట్టుకుంటారు. దాన్ని గైరో అంటారు. ఎంత వంచితే గురి ఎంత కదులుతుందో మణికట్టుకు అలవాటైపోతుంది. బొమ్మ మధ్యలో ఆగి ఆగి కదిలితే, కదల్లేదనుకుని చెయ్యి ఇంకొంచెం వంచుతుంది. ఈలోగా రెండు కదలికలూ కలిసి వచ్చేస్తాయి. గురి శత్రువు తల దాటిపోతుంది. 'గన్ను మాట వినట్లేదు' అంటే ఇదే.

ఆ తర్వాత మూడు రోజులు కెప్టెన్ రోజుకొక్క మార్పే చేశాడు. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు కదా. మొదటి రోజు మ్యాచ్‌ల మధ్య ఛార్జింగ్ మానేశారు. ఆట వేడి మీద ఛార్జింగ్ వేడి కలిస్తే బ్యాటరీ చల్లబడే వ్యవధే ఉండదు. కొన్ని గేమింగ్ ఫోన్లలో కరెంటు బ్యాటరీని తాకకుండా నేరుగా ఫోన్‌కి వెళ్లే ఏర్పాటుంది, ఈ ఫోన్లో లేదు. రెండో రోజు రబ్బరు కవర్ తీసి, బల్ల మీద చిన్న ఫ్యాను పెట్టారు. మూడో రోజు ఆటను 90 నుంచి 60 ఫ్రేములకు దించారు. కుర్రాడు ఒప్పుకోలేదు. స్నేహితులందరికీ 90 ఉంటే తనకు 60 ఏంటని. ఆ రాత్రి ఆరో మ్యాచ్ అయ్యాక బ్యాటరీ 39 దగ్గర ఆగింది, ఆట చివరిదాకా 60 దగ్గరే నిలిచింది. కిల్స్ రెండు, రెండు, ఒకటి, రెండు, ఒకటి, రెండు. మొత్తం పది. మొదటి రోజు తొమ్మిది. తేడా ఒక్కటే కదా అనిపిస్తుంది. చివరి మూడు మ్యాచ్‌లు మాత్రమే చూస్తే ఒకటి కాస్తా ఐదైంది.

వేడి తగ్గించడానికి ఫోన్‌ని ఫ్రిజ్‌లో పెట్టే మహానుభావులున్నారు. చల్లటి ఫోన్‌ని తడిగాలిలోకి తీస్తే గాలిలోని తేమ దానిమీద, లోపల కూడా నీటి బొట్లుగా చేరుతుంది. కృష్ణా తీరపు ఉక్కపోతలో ఇది ఇంకా సులువుగా జరుగుతుంది. ఐసు ముక్కలకూ అదే సమాధానం. గాలి తగలడం చాలు.

వైరున్న ఇయర్‌ఫోన్సే అనడంలో పిసినారితనం లేదు. బ్లూటూత్‌లో శబ్దం చెవికి చేరడానికి ఒకటి, రెండు వందల మిల్లీసెకన్లు పట్టవచ్చు. అంతలో మెట్లమీద పరిగెత్తుకొచ్చేవాడు ఒక మీటరు ముందుకు వచ్చేస్తాడు. ఛార్జింగూ ఇయర్‌ఫోనూ ఒకే రంధ్రంలో పెట్టాల్సిన ఫోన్లలో వైరు పెట్టారంటే ఛార్జింగ్ ఎలాగూ కుదరదు. కెప్టెన్‌కు ఒక రూలు పెడితే రెండోది దానంతటదే అమలవుతుంది.

ఐప్యాడ్ విషయం న్యాయానికి సంబంధించింది. ట్యాబ్లెట్ తెర చతురస్రానికి దగ్గరగా ఉండటంతో పైనా కిందా ఎక్కువ దృశ్యం కనపడుతుంది. ఫోన్ వాడేవాడికి కనపడని నేల ఐప్యాడ్ వాడేవాడికి కనపడుతుంది. అందుకే చాలా టోర్నీల్లో ఫోన్లకే అనుమతి. కంప్యూటర్‌లో ఎమ్యులేటర్ పెట్టుకుని ఆడటం సరేసరి. ఫోన్లోనే ఐప్యాడ్ లాంటి దృశ్యం తెప్పిస్తామని, లేని ఫ్రేములు ఇస్తామని చెప్పే బయటి యాప్‌లే జీఎఫ్ఎక్స్ టూల్స్. ఇవి గేమ్ ఫైళ్లను తాకుతాయి, దొరికితే ఖాతా పోతుంది. మోసాలకు ఆ ఫోన్‌నే నిషేధించే విధానం కూడా ఉంది. నమోదు చేసుకున్న నలుగురిలో ఒకడు టోర్నీ మధ్యలో పోతే జట్టు మొత్తం పోయినట్టే.

మ్యాచ్ రోజు తొందరలో జరిగే తప్పులు చిన్నవి. రూమ్ ఐడీ, పాస్‌వర్డ్ మొదలయ్యే ముందు కొద్ది నిమిషాలకే వస్తాయి. ఇచ్చిన స్లాటు కాక వేరే దాంట్లో కూర్చుంటే నిర్వాహకులు బయటికి తోసేస్తారు. ఆట మధ్యలో అమ్మ ఫోన్ చేస్తే తెరమీద కాల్ వచ్చి పడుతుంది. దీనికి కుర్రాళ్లు కనిపెట్టిన మందు, ఫ్లైట్ మోడ్ పెట్టి వైఫై మాత్రం ఆన్ చేయడం. ఫ్లైట్ మోడ్‌లో ఓటీపీ రాదు కాబట్టి లాగిన్ మాత్రం ముందే అయిపోవాలి. వైఫై పడిపోతే వాడేందుకు ఇద్దరి దగ్గర వేరే సిమ్‌తో హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంటుంది. దాన్ని కూడా ఒక ప్రాక్టీసు రాత్రి కావాలనే వాడి చూస్తారు.

టోర్నీకి మూడు రోజుల ముందు, ముందు దూకే కుర్రాడు గ్రూపులో ఒక ఫొటో పెట్టాడు. కొత్త ఫోన్, సీలు కూడా తీయలేదు, నాన్న కొన్నాడు. 120 ఫ్రేములు. "అన్నా, దీంట్లో ఆడతా, పాతదానికంటే చల్లగా ఉంటుందంట." కొత్త ఫోన్ వెడల్పు వేరు, బరువు వేరు. బొటనవేలు చేరే చోటు మారుతుంది. పాత సెన్సిటివిటీ కోడ్ ఎక్కించినా గైరో పాతలాగే తిరుగుతుందని చెప్పలేం. మణికట్టుకు కొత్త అలవాటు చేయడానికి మూడు రాత్రులు చాలవు.

కెప్టెన్ జవాబు ఒక్క లైనే: "మీ నాన్నకి థ్యాంక్స్ చెప్పు, సీలు సోమవారం తియ్యి."